నాయన చనిపోయినాక ఆయనకు రావాల్సిన ఐటీ రీఫండ్: ఎవరు అడగాలి, ఏ కాగితాలు, ఏ అకౌంటుకు?

అలిపిరి బాట · 3 ఆగస్టు 2025

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా నాయన రిటైర్డ్ టీచరు. పోయిన ఏడాది సెప్టెంబరు 30న వేలూరులో ఆసుపత్రిలో చనిపోయినారు. ఆయన పాన్ మీద 26ఏఎస్ తీసి చూస్తే ఎఫ్‌డీ వడ్డీ మీద 14,400 రూపాయలు టీడీఎస్ పట్టినట్టు ఉంది. పన్ను పట్టొద్దని బ్యాంకుకు ఇచ్చే 15హెచ్ ఫారం ఏప్రిల్‌లో ఇవ్వడం మరిచిపోయినారు. అప్పటికే ఒంట్లో బాగాలేదు.

ఆయన ఆదాయం ఇది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పెన్షన్ నెలకు 38,000, అంటే ఆరు నెలలకు 2,28,000. ఎఫ్‌డీల మీద మూడు నెలలకోసారి 48,000 వడ్డీ. జూన్‌లో ఒకటి, సెప్టెంబరులో ఒకటి ఆయన బతికుండగా పడినాయి. డిసెంబరులో పడింది కూడా ఆయన పాన్ మీదే ఉంది, ఎందుకంటే మేము బ్యాంకుకు జనవరిలో గానీ చెప్పలేదు.

పోర్టల్‌లో నా లాగిన్ నుంచి వారసుడిగా రిజిస్టర్ చేసుకుందామని జులైలో పెట్టినాను. రిజెక్ట్ అయింది. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, నాయన పాన్ కార్డు జతచేసినాను. పేరు సరిపోలేదని, పత్రం అనువాదం కావాలని రాసినారు. ఇంకో భయం ఏమిటంటే, ఆయన పెన్షన్ అకౌంటు మేము జనవరిలోనే మూసేసినాము. పోర్టల్‌లో రీఫండ్‌కు పెట్టి ఉన్నది ఆ అకౌంటే. ఇప్పుడు దారేంటి? అమ్మ ఉంది, నేను, అక్క. మా మధ్య ఏ గొడవా లేదు.

పీలేరు77 · 3 ఆగస్టు 2025

అన్నా, మీరు ఎన్ని సర్టిఫికెట్లు పెట్టినా లాభం లేదు. చనిపోయినోళ్ళ డబ్బు ఏది తీసుకోవాలన్నా కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సిందే. మా చిన్నాయన షేర్ల విషయంలో మేం అట్లే చేసినాం. ఏడాది పట్టింది. లాయరు ఫీజు, కోర్టు ఫీజు పోను మిగిలింది తక్కువే. 14 వేల కోసం అంత దూరం పోవడం ఎందుకు, వదిలేయండి.

చంద్రగిరి కోట · 3 ఆగస్టు 2025

వదలొద్దు. నేను పన్ను రిటర్నులు వేసే పని చేస్తాను, ఇలాంటివి ఏటా కొన్ని వస్తాయి. పీలేరు అన్న చెప్పింది షేర్ల విషయంలో నిజమై ఉండొచ్చు. ఆ కంపెనీ అడిగింది, మీరు తెచ్చారు. ఐటీ పోర్టల్‌కు అది తప్పనిసరి కాదు. వారసత్వానికి రుజువుగా వాళ్ళు ఒప్పుకునేవి చాలా ఉన్నాయి. కోర్టు ఇచ్చింది ఒకటి. తహసీల్దారు ఇచ్చే వారసుల పత్రం గానీ కుటుంబ సభ్యుల పత్రం గానీ చాలు. రిజిస్టర్ అయిన వీలునామా చాలు. ప్రభుత్వం ఇచ్చే ఫ్యామిలీ పెన్షన్ పత్రం చాలు. ఫలానా వ్యక్తి నామినీ అనో జాయింట్ హోల్డరు అనో బ్యాంకు తన లెటర్‌హెడ్ మీద సీలు, సంతకంతో ఇచ్చే లేఖ కూడా చాలు. వీటిలో ఏదో ఒకటి ఉంటే సరిపోతుంది. అన్నీ అక్కర్లేదు.

చట్టంలో కూడా ఇది స్పష్టంగానే ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 159వ సెక్షన్ ప్రకారం చనిపోయిన మనిషి పన్ను బాధ్యత వారసుల మీదికి వస్తుంది. ఆయనకు రావాల్సిన రీఫండ్ అడిగే హక్కు 238వ సెక్షన్ వాళ్ళకే ఇస్తుంది.

అలిపిరి బాట గారూ, నాకు మూడు సంగతులు చెప్పండి. పాన్‌లో పేరు ఎలా ఉంది, మరణ ధ్రువపత్రంలో ఎలా ఉంది? అమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్ వస్తోందా? నాన్నగారికి ఆ పెన్షన్ అకౌంటు కాక వేరే అకౌంటు ఏదైనా ఉందా?

అలిపిరి బాట · 4 ఆగస్టు 2025

మేడం, రాత్రి కాగితాలన్నీ నేల మీద పరిచి ఒక్కొక్కటే చూసినాను. పాన్‌లో ఇంటిపేరు మొదట పూర్తిగా ఉంది, తర్వాత ఆయన పేరు. వేలూరు మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు లేదు, దాని మొదటి అక్షరం ఒకటి, చుక్క, తర్వాత పేరు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు చీటీ మీద ఎట్ల రాసిచ్చినామో అట్లే ఎక్కింది. రాసింది నేనే. తహసీల్దారు పత్రం తెలుగులో ఉంది. అందులో ఇంటిపేరు పూర్తిగా ఉంది గానీ, దాన్ని ఇంగ్లీషులో రాస్తే పాన్‌లో ఉన్నట్టు రాదు. పాన్‌లో చివర ఒక అక్షరం ఎక్కువ.

అమ్మకు ఖజానా నుంచి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. వేరే అకౌంటు ఒకటి ఉంది. నాయన, అమ్మ జాయింటుగా, ఎవరో ఒకరు లేదా బతికున్నవారు అనే పద్ధతిలో. ఎఫ్‌డీ వడ్డీ అందులోనే పడుతుండె. నాయన మొదటి హోల్డరు. దాన్ని ముట్టుకోలేదు.

చంద్రగిరి కోట · 4 ఆగస్టు 2025

ఆ జాయింట్ అకౌంటు ఉండటం మంచిదైంది. దాని సంగతికి తర్వాత వద్దాం.

పేరు గురించి ముందు. మన వాళ్ళ కేసుల్లో సగం రిజెక్షన్లు ఈ ఇంటిపేరు దగ్గరే. పాన్ అప్లికేషన్‌లో ఇనిషియల్ రాయనివ్వరు కాబట్టి ఇంటిపేరు విడదీసి రాస్తాం. బడి సర్టిఫికెట్లలో, రేషన్ కార్డులో, ఆసుపత్రి చీటీలో ఒక్క అక్షరమే రాస్తాం. అవతల కూర్చుని చూసే మనిషికి తెలుగు పేర్లు తెలిసి ఉండాలని లేదు. ఆయనకు అవి రెండు వేర్వేరు పేర్లు.

దీనికి దారులు రెండు. ఒకటి, మరణం నమోదైన చోటే, అంటే మీ విషయంలో వేలూరులోనే, జనన మరణ రిజిస్ట్రారుకు దరఖాస్తు పెట్టి సరిచేయించడం. 1969 జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద ఆ అధికారం ఆయనకు ఉంది. ఆధార్, పాన్ చూపించాలి. చనిపోయిన చోట నమోదవుతుంది కాబట్టి తిరుపతి మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి లాభం లేదు, చాలామంది అక్కడికి వెళ్ళి తిరిగొస్తారు. రెండో దారి నోటరీ అఫిడవిట్. ఈ మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉన్న పేర్లు ఒకే మనిషివి అని, ప్రతి పేరూ ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి రాయాలి. దానికి ఆధార్ జతచేయాలి. రీఫండ్ ఒక్కదానికే అయితే అఫిడవిట్‌తో పనవుతుంది. ఇల్లు, పొలం కూడా ఆయన పేరు మీద ఉంటే ఇప్పుడే వేలూరు వెళ్ళి సరిచేయించుకోండి, లేకపోతే రేపు రిజిస్ట్రేషన్ దగ్గర మళ్ళీ ఇదే ఎదురవుతుంది.

అనువాదం సంగతి. ప్రాంతీయ భాషలో ఉన్న ఏ పత్రమైనా హిందీలోకో ఇంగ్లీషులోకో అనువదించి నోటరీ చేయించి, అసలుతో కలిపి ఒకే పీడీఎఫ్‌గా పెట్టాలి. అనువాదంలో నాన్నగారి పేరు స్పెల్లింగు పాన్‌లో ఉన్నట్టే రాయించండి. తెలుగు నుంచి ఇంగ్లీషుకు రాసేటప్పుడు ఆ స్పెల్లింగు మన చేతిలోనే ఉంటుంది.

ఇక నా సలహా, ఈసారి దరఖాస్తు మీ పేరు మీద కాదు, అమ్మగారి పేరు మీద పెట్టండి. ఫ్యామిలీ పెన్షన్ పత్రం ఆమె పేరు మీద ఇంగ్లీషులోనే ఉంది. జాయింట్ అకౌంటూ ఆమెదే. ఆమె పాన్‌తో పోర్టల్‌లో లాగిన్ ఉండాలి, ఆధార్‌కు ఫోను లింకై ఉండాలి. అంతే.

కుప్పం మేష్టారు · 4 ఆగస్టు 2025

ఒక్క జాగ్రత్త చెబుతాను. చనిపోయిన సంవత్సరానికి రిటర్ను వేసేటప్పుడు ఆయన బతికింది ఆరు నెలలే కాబట్టి పన్ను లేని పరిమితి కూడా సగమే వస్తుంది. మూడు లక్షల్లో లక్షా యాభై వేలు, స్టాండర్డ్ డిడక్షన్ 75,000లో 37,500. ఆ లెక్కన వీళ్ళ నాన్నగారికి పన్ను పడుతుంది, రీఫండ్ పూర్తిగా రాదు. మా సహోద్యోగి ఇంట్లో అలాగే లెక్క వేసి పన్ను కట్టారు.

చంద్రగిరి కోట · 4 ఆగస్టు 2025

మేష్టారూ, వాళ్ళు అనవసరంగా కట్టారు. ఏప్రిల్ ఒకటి నుంచి చనిపోయిన రోజు దాకా వచ్చిన ఆదాయమే ఆయన రిటర్నులో చూపాలి, అంతవరకు మీరన్నది సరి. కానీ పరిమితిని గానీ స్టాండర్డ్ డిడక్షన్‌ను గానీ నెలల లెక్కన తెగ్గోయమని చట్టంలో ఎక్కడా లేదు. ఒక్క రోజు బతికినా పూర్తి పరిమితి వస్తుంది. మీ సహోద్యోగి ఇంటివాళ్ళకు గడువు ఉంటే రివైజ్డ్ రిటర్ను వేసుకోమని చెప్పండి.

వీళ్ళ లెక్క వేసి చూడండి. పెన్షన్ 2,28,000, బతికుండగా వచ్చిన వడ్డీ 96,000, మొత్తం 3,24,000. కొత్త పద్ధతిలో 75,000 తీస్తే 2,49,000. మూడు లక్షల లోపే. పన్ను సున్నా. ఆ 96,000 మీద పట్టిన 9,600 మొత్తం వెనక్కి రావాలి.

అలిపిరి బాట · 4 ఆగస్టు 2025

మేడం, 14,400 కదా పట్టింది?

చంద్రగిరి కోట · 5 ఆగస్టు 2025

డిసెంబరులో పడిన 48,000 మీ నాన్నగారి ఆదాయం కాదు. ఆయన అప్పటికి లేరు. ఆ ఎఫ్‌డీ ఎవరికి దక్కిందో వాళ్ళది ఆ వడ్డీ. దాని మీద పట్టిన 4,800 కూడా వాళ్ళే తీసుకోవాలి. ఆదాయం ఎవరి రిటర్నులో ఉంటే టీడీఎస్ కూడా వాళ్ళకే. 96,000 మాత్రమే చూపించి 14,400 అడిగితే లెక్క కుదరదు, నోటీసు వస్తుంది.

పాత క్యాషియర్ · 5 ఆగస్టు 2025

ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ ఒక మాట. ఆ 48,000 కూడా నాన్నగారిదే అని చూపిస్తే మొత్తం 3,72,000, అందులో 75,000 పోతే 2,97,000. అప్పుడూ మూడు లక్షల లోపే. మొత్తం 14,400 ఒకేసారి వచ్చేస్తుంది. ప్రభుత్వానికి ఒక్క రూపాయి నష్టం లేదు. నేను చూసిన కుటుంబాలు ఎక్కువగా అలాగే చేశాయి.

చంద్రగిరి కోట · 5 ఆగస్టు 2025

సార్, మీరన్నట్టు చేసేవాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు. నేను చేయను. వారసురాలిగా సంతకం పెట్టేది అమ్మగారు. చనిపోయిన తేదీ పోర్టల్‌లో ఎక్కించిన తర్వాత, ఆ తేదీ దాటాక పడిన వడ్డీని ఆయన ఆదాయం అని ఆమె చేత ధ్రువీకరింపజేయడం నాకు ఇష్టం లేదు. పద్ధతి ప్రకారం దీనికి దారి ఉంది. 37బీఏ నిబంధన కింద టీడీఎస్‌ను వేరేవారికి బదలాయించవచ్చు. ఐటీఆర్-2లో దానికి కాలమ్ ఉంది, అవతలివారి పాన్ వేసి ఇంత మొత్తం వాళ్ళకు అని చూపాలి. ఐటీఆర్-1లో ఆ కాలమ్ లేదు. కాబట్టి నాన్నగారిదీ, అమ్మగారిదీ రెండూ ఐటీఆర్-2 వేయాలి. బ్యాంకుకు కూడా ఒక డిక్లరేషన్ ఇవ్వాలి. పోర్టల్‌లో నాన్నగారి ఆదాయాల వివరాలు కనిపించే ఏఐఎస్‌లో ఆ డిసెంబరు వడ్డీ ఎంట్రీ దగ్గర ఇది వేరే పాన్‌కు చెందింది అని ఫీడ్‌బ్యాక్ పెట్టాలి.

పాత క్యాషియర్ · 5 ఆగస్టు 2025

డిక్లరేషన్ బ్రాంచిలో తీసుకుంటారు. దాని మీద టీడీఎస్ స్టేట్‌మెంట్ సవరిస్తారా అంటే, నా అనుభవంలో అరుదు. 4,800 కోసం అంత శ్రమ అవసరమా అనేది వాళ్ళ ఇష్టం.

కానీ అకౌంటు గురించి మాత్రం నా మాట వినండి. బ్యాంకుకు మరణం సంగతి చెప్పకుండా దాచొద్దు. చెప్పి, లిఖితపూర్వకంగా అడగండి, మా నాన్నగారి పేరు మీద ఇంకా ఐటీ రీఫండ్ రావాల్సి ఉంది, అది జమయ్యేదాకా జాయింట్ అకౌంటులో ఆయన పేరు తీయకండి అని. తొందరపడి పేరు తీయించేస్తే ఆయన పాన్ లింకు పోతుంది. పోర్టల్‌లో అకౌంటు వాలిడేట్ అవ్వాలంటే ఆ పాన్, పేరు బ్యాంకు రికార్డుతో కలవాలి.

అసలు ఇలాంటి తర్వాత వచ్చే జమల గురించి రిజర్వు బ్యాంకు 2005 జూన్‌లోనే బ్యాంకులకు చెప్పింది. వారసులు ఒప్పుకుంటే, చనిపోయిన వారి ఎస్టేట్ పేరుతో ఒక అకౌంటు తెరిచి, ఆయన పేరు మీద వచ్చే డబ్బు అందులో జమ కానివ్వాలి. అందులోంచి తీయడం మాత్రం కుదరదు. లేదా వచ్చిన డబ్బును అకౌంటుదారు మరణించారు అని రాసి పంపినవారికి తిప్పి పంపి, ఆ సంగతి కుటుంబానికి చెప్పాలి. ఖాతా మూసేటప్పుడు ఇది అడగాలని ఎవరికీ తెలియదు. కౌంటరు మీద చెప్పే తీరిక మాకూ ఉండేది కాదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నగరి నేతింటి కోడలు · 6 ఆగస్టు 2025

నాకూ ఇలాంటిదే, దయచేసి చెప్పండి. మా ఆయన 2021 మే నెలలో కరోనాతో పోయారు. 2020-21లో ఆయన చేసిన కాంట్రాక్టు పనుల మీద 31,000 దాకా టీడీఎస్ ఉందని ఆయన స్నేహితుడు ఈ మధ్య చెప్పాడు. రిటర్ను వేయలేదు. అప్పట్లో పిల్లలతో నేనున్న స్థితిలో అది ఆలోచనకే రాలేదు. నేను వారసురాలిగా రిజిస్టర్ చేసుకుంటే రీఫండ్ వచ్చేస్తుందా?

చంద్రగిరి కోట · 6 ఆగస్టు 2025

అమ్మా, మీది వేరే కేసు. రిజిస్ట్రేషన్ మొదటి మెట్టే. ఆ సంవత్సరానికి రిటర్ను గడువు ఎప్పుడో దాటింది కాబట్టి ముందు ఆలస్యాన్ని మన్నించమని 119(2)(బి) సెక్షన్ కింద అర్జీ పెట్టాలి. సీబీడీటీ 2024 అక్టోబరు 1న ఇచ్చిన 11వ సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన ఐదేళ్ళలోపు అర్జీ పెట్టుకోవచ్చు. మీది 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరం, అది 2022 మార్చి 31న ముగిసింది. అంటే 2027 మార్చి 31 దాకా మీకు సమయం ఉంది. కోటి రూపాయల లోపు కాబట్టి ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయిలోనే తేలుతుంది.

వారసురాలిగా ఆమోదం వచ్చాక పోర్టల్‌లో `Services` కింద `Condonation Request` ఉంటుంది. ఎందుకు ఆలస్యమైందో ఇప్పుడు ఇక్కడ రాసినట్టే మీ మాటల్లో రాయించండి, మరణ ధ్రువపత్రం, ఆసుపత్రి కాగితాలు జతచేయండి. అనుమతి వచ్చాకే రిటర్ను వేయాలి. ఇలా ఆలస్యంగా అడిగిన రీఫండ్ మీద వడ్డీ రాదు, అసలు మాత్రమే. ఇంకొకటి, కాంట్రాక్టు పని అంటే వ్యాపార ఆదాయం, దాని లెక్క చూపాలి. 31,000 మొత్తం రీఫండే అని ఇప్పుడే అనుకోకండి. 26ఏఎస్ తీసుకుని ఎవరైనా పన్ను పని తెలిసినవారి దగ్గర కూర్చోండి.

నగరి నేతింటి కోడలు · 6 ఆగస్టు 2025

2027 దాకా ఉందంటే ఊపిరి పీల్చుకున్నాను. ఆయన కాగితాల పెట్టె తీసి నాలుగేళ్ళయింది. ఈ ఆదివారం తీస్తాను.

అలిపిరి బాట · 21 ఆగస్టు 2025

ఇక్కడ చెప్పినట్టే చేసినాను. ఎవరికైనా పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

కోర్టు దగ్గర నోటరీ దగ్గరికి పోయి అఫిడవిట్ చేయించినాను. మూడు కాగితాలూ టైపు చేసే ఆయన ముందు పెట్టి, ఒక్కో పేరూ వేలు పెట్టి చూపించి రాయించినాను. ఆయన మొదట ఇనిషియల్ పక్కన చుక్క వదిలేసినాడు. మళ్ళీ కొట్టించినాను. తహసీల్దారు పత్రానికి అనువాదం, దాని మీద నోటరీ. నేను, అక్క ఇద్దరం అమ్మే రీఫండ్ తీసుకోవడానికి మాకు అభ్యంతరం లేదని స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టినాము. పోర్టల్ అడగలేదు, మేమే పెట్టినాము.

అమ్మ పాన్‌తో లాగిన్ అయి ఈ దారిలో పోయినాను:

```
Authorised Partners
  > Register as Representative
  > Create New Request
  > Deceased (Legal Heir)
```

నాయన పాన్, ఆయన చనిపోయిన తేదీ, కారణం నింపి, పాన్ కాపీ, మరణ ధ్రువపత్రం దాని వెనకే అఫిడవిట్, వారసత్వ రుజువుగా ఫ్యామిలీ పెన్షన్ కాగితం, తహసీల్దారు పత్రం అనువాదంతో కలిపి ఎక్కించినాను. ఆగస్టు 13న పెట్టినాము, ఈ పొద్దు ఆమోదం వచ్చింది.

చంద్రగిరి కోట · 21 ఆగస్టు 2025

చాలా సంతోషం. ఇప్పుడు రిటర్ను కంటే ముందు అకౌంటు పని చూడండి. అమ్మగారి లాగిన్‌లోంచే పైన పేరు దగ్గర నాన్నగారి ప్రొఫైల్‌కు మారి, మూసేసిన పెన్షన్ అకౌంటు మీద రీఫండ్ ఎంపిక తీసేసి, జాయింట్ అకౌంటు చేర్చి వాలిడేషన్‌కు పెట్టండి. అది వాలిడేట్ అయ్యాకే రిటర్ను వేయండి. గడువు సెప్టెంబరు 15 దాకా ఉంది, తొందర లేదు. రిటర్ను వేశాక అకౌంటు దగ్గర ఆగిపోతే డబ్బు అక్కడే ఇరుక్కుంటుంది. వెరిఫై అమ్మగారి ఆధార్ ఓటీపీతో చేయాలి, 30 రోజులలోపు.

పుత్తూరు పెద్దకొడుకు · 22 ఆగస్టు 2025

ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. మా నాన్న బతికుండగానే రిటర్ను వేశారు. ఆయన పోయాక ప్రాసెస్ అయింది. అకౌంటు మూసేసి ఉండటంతో రీఫండ్ ఫెయిల్ అని వచ్చింది. ఆయనకు వేరే అకౌంటు లేదు. నేను వారసుడిగా రిజిస్టరై `Refund Reissue` పెట్టి నా సొంత అకౌంటు చేర్చాను. పాన్ కలవలేదని వాలిడేషన్ రెండుసార్లు ఫెయిలయింది. పోర్టల్‌లో గ్రీవెన్స్ పెట్టాను. `Know Your AO`లో మా అసెసింగ్ ఆఫీసరు ఎవరో చూసి, ఆయనకు అర్జీ, ఇండెమ్నిటీ బాండు, చెల్లెళ్ళ అంగీకార పత్రం ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఐదు నెలలైంది. తిరుగుతున్నాను.

పాత క్యాషియర్ · 22 ఆగస్టు 2025

బాబూ, మీ నాన్నగారి బ్రాంచికి వెళ్ళి నేను పైన చెప్పిన ఎస్టేట్ అకౌంటు సంగతి మేనేజరును అడగండి. ఖాతా మూసేశాక తెరుస్తారో లేదో చెప్పలేను. అడగడంలో తప్పులేదు. రాతపూర్వకంగా అడిగి, కాదంటే కాదని రాసివ్వమనండి. ఆ కాగితం అసెసింగ్ ఆఫీసరు దగ్గర పనికొస్తుంది.

తలకోన · 22 ఆగస్టు 2025

మా అత్తగారి విషయంలో మా ఆయన సొంత అకౌంటే పెట్టాం, వాలిడేట్ అయింది, డబ్బు వచ్చింది. అయితే అది ముందు అత్తగారితో జాయింటుగా ఉన్న అకౌంటే. బ్యాంకులో ఇద్దరి పాన్లూ ఉండి ఉంటాయి, అందుకే అయిందేమో.

అలిపిరి బాట · 19 అక్టోబరు 2025

ఆలస్యంగా రాస్తున్నాను. జాయింట్ అకౌంటు రెండు రోజుల్లో వాలిడేట్ అయింది. పాత క్యాషియర్ సార్ చెప్పినట్టు అమ్మ సంతకంతో బ్రాంచికి లేఖ ఇచ్చినాము, నకలు మీద సీలు వేయించుకున్నాము. మేనేజరు చదివి, సరే రీఫండ్ పడినాక రండి, అప్పుడు పేరు తీస్తాము అన్నారు.

సెప్టెంబరు 4న నాయన రిటర్ను ఐటీఆర్-2లో వేసినాము. ఆదాయం 3,24,000, టీడీఎస్‌లో 9,600 ఆయనకు, 4,800 అమ్మ పాన్‌కు. అదే రోజు అమ్మ ఫోనుకు ఓటీపీ వచ్చింది. ఆమెకు అంకెలు చదివి చెప్పడం అలవాటు లేదు, ఫోను నా చేతికిచ్చి పక్కనే కూర్చుంది. వెరిఫై అయిందని స్క్రీను మీద నాయన పేరు వచ్చింది. ఇంటిపేరు పూర్తిగా. అమ్మ కొంచెంసేపు దాన్నే చూస్తా ఉండె.

అక్టోబరు 17న జాయింట్ అకౌంటులో 9,936 పడింది. 9,600 పోను 336 ఏమిటో అర్థం కాలేదు.

చంద్రగిరి కోట · 19 అక్టోబరు 2025

అది 244ఏ కింద వడ్డీ. నెలకు అర శాతం, అంటే 48 రూపాయలు. గడువులోపు రిటర్ను వేశారు కాబట్టి ఏప్రిల్ నుంచి లెక్క కడతారు, అక్టోబరు దాకా ఏడు నెలలు. ఆలస్యంగా వేసి ఉంటే రిటర్ను వేసిన రోజు నుంచే వచ్చేది. ఆ 336 ఈ ఏడాది అమ్మగారి ఆదాయంలో చూపండి, నాన్నగారి పాన్ మీద ఇక ఏ రిటర్నూ వద్దు.

అమ్మగారి 4,800 ఏమైంది?

అలిపిరి బాట · 19 అక్టోబరు 2025

అది రాలేదు మేడం. అమ్మ రిటర్ను కూడా ఐటీఆర్-2లోనే వేసినాము. ప్రాసెస్ అయింది గానీ ఆ 4,800 క్రెడిట్ ఇవ్వలేదు, సరిపోలలేదని వచ్చింది. బ్యాంకులో డిక్లరేషన్ ఇచ్చి నెలన్నర అయింది, 26ఏఎస్‌లో మాత్రం ఇంకా నాయన పాన్ మీదే ఉంది. రేపు పేరు తీయించడానికి బ్రాంచికి పోతాను, అప్పుడు మళ్ళీ అడుగుతాను.

చంద్రగిరి కోట · 20 అక్టోబరు 2025

పేరు తీయించడం ఇంకో రెండు వారాలు ఆపగలరా? బ్యాంకు టీడీఎస్ స్టేట్‌మెంట్ సవరించేదాకా. సవరించాక పోర్టల్‌లో అమ్మగారి రిటర్నుకు రెక్టిఫికేషన్ పెడదాం. డిక్లరేషన్ ఇచ్చినట్టు రసీదు ఉందా?

అలిపిరి బాట · 20 అక్టోబరు 2025

రసీదు లేదు మేడం. ఆ రోజు తీసుకోలేదు. రేపు ఇంకో కాపీతో పోయి, సీలు వేయించుకునే వస్తాను.

పుత్తూరు పెద్దకొడుకు · 2 నవంబరు 2025

పాత క్యాషియర్ సార్ చెప్పినట్టు బ్రాంచిలో అడిగాను. మూసిన ఖాతాకు ఎస్టేట్ అకౌంటు కుదరదని రాసిచ్చారు. ఆ కాగితం తీసుకెళ్ళి అసెసింగ్ ఆఫీసులో ఇచ్చాను. ఈసారి ఫైలు తీసి చూశారు, చెల్లెళ్ళ అంగీకార పత్రం మీద నోటరీ లేదని చెప్పారు. ఇద్దరిలో ఒకరు బెంగళూరులో ఉన్నారు. సంక్రాంతికి వస్తుంది, అప్పుడు చేయిస్తాను.